తొంభై నాలుగు శాతం అయిపోయింది, బండి మాత్రం గేటు దాటలేదు

ముందు మా టీములో జరిగిన ఒక సంగతి చెప్తాను, ఆ తరవాత తిట్టాల్సిన వాళ్ళని తిడతాను. తిట్లలో సగం నాకే తగుల్తాయి కాబట్టి ఎవరూ నొచ్చుకోకండి.

పటాన్‌చెరు అవతల ఒక బల్క్ డ్రగ్ ఫ్యాక్టరీ. పేరొద్దు. మా కంపెనీ పేరు కూడా వద్దు, నాకింకా ఉద్యోగం కావాలి. ఆ ఫ్యాక్టరీలోకి రోజూ సాల్వెంటు ట్యాంకర్లు, డ్రమ్ముల లారీలు వస్తుంటాయి. గేటు దగ్గర సెక్యూరిటీ వాళ్ళు మోకాలంత పొడుగు రిజిస్టరులో బండి నంబరు, ఇన్‌వాయిస్ నంబరు రాసుకుంటారు. బండి కాటా ఎక్కుతుంది (అదే, వేబ్రిడ్జి). నిండు బరువు తీస్తారు. క్వాలిటీ వాళ్ళొచ్చి శాంపిల్ తీసుకెళ్తారు. వాళ్ళు సరే అన్నాకే సరుకు దింపుతారు. ఖాళీ బండి మళ్ళీ కాటా ఎక్కుతుంది. నిండు బరువులోంచి ఖాళీ బరువు తీసేస్తే వచ్చింది ఎంతో తేలుతుంది. దాన్నిబట్టి స్టోర్స్ వాళ్ళు సరుకు ముట్టినట్టు రసీదు రాస్తారు. ఈ వరసంతా కంప్యూటర్లోకి తేవడం మా పని. వినడానికి ఇంతే. మాకూ అప్పుడు ఇంతే అనిపించింది.

ప్లానింగు రోజున మేం చేసింది మీలో చాలామంది చేసేదే. గేటు, నిండు బరువు, క్వాలిటీ, ఖాళీ బరువు, రసీదు అని ఐదు మెట్లు రాసుకున్నాం. ఒక్కో మెట్టుకీ టేబుల్ ఒక కార్డు, ఏపీఐ ఒక కార్డు, స్క్రీను ఒక కార్డు. మొత్తం పదిహేను. చివర్న 'ఇంటిగ్రేషన్' అని పదహారో కార్డు. డేటాబేసు వాళ్ళం ముగ్గురం టేబుళ్ళు పంచుకున్నాం, ఏపీఐ వాళ్ళు ఏపీఐలు, స్క్రీన్ల వాళ్ళు స్క్రీన్లు. ఎవరి పొర వాళ్ళది, ఒకడి కోసం ఒకడు ఆగక్కర్లేదు. జిరాలో బోర్డు చూస్తే కడుపు నిండిపోయేది.

ఆరు వారాలు తిరిగేసరికి పదిహేను కార్డులూ 'డన్' గడిలోకి వెళ్ళిపోయాయి. పదహారింటికి పదిహేను, అంటే తొంభై నాలుగు శాతం. బర్న్‌డౌన్ గీత స్కేలు పెట్టి గీసినంత తిన్నగా దిగింది. మా మేనేజరు ఆ గీతని స్లైడులో పెట్టి ఫ్యాక్టరీ వాళ్ళకి చూపించాడు. ఇంటిగ్రేషన్‌కి ఒక్క వారం, ఆ వారం చివర్లో గేటు దగ్గర ట్రయల్ అని చెప్పాడు. అది చూసి వాళ్ళు చేసిన పనేంటో తెలుసా? కొత్త రిజిస్టర్లు అచ్చు వేయించడం ఆపేశారు. బోర్డు చెప్పిన మాటని నమ్మి ఒక మనిషి నిర్ణయం తీసుకున్నాడు. ఈ సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తాను.

ట్రయల్ రోజు పొద్దున్నే 219 ఎక్కి పటాన్‌చెరులో దిగి, షేర్ ఆటోలో ఫ్యాక్టరీకి చేరాను. మొదటి ట్యాంకరు వచ్చింది. గేటు స్క్రీను బ్రహ్మాండంగా పనిచేసింది. బండి కాటా ఎక్కింది. సెక్యూరిటీలో ఓ పెద్దాయన బరువుల స్క్రీను తెరిచి, కళ్ళద్దాలు సవరించుకుని, నావైపు తిరిగి ఒకే మాట అడిగాడు.

"సారూ, బండి ఖాళీ గాకముందే ఖాళీ బరువు యాడికెళ్ళి తేవాలె?"

నాకు చెమటలు పట్టాయి. ఎందుకంటే ఆ టేబుల్ నాదే. నేను రాసింది ఇదీ:

```sql
CREATE TABLE weighment (
  gate_entry_id  INT PRIMARY KEY,
  gross_kg       INT NOT NULL,
  tare_kg        INT NOT NULL
);
```

నిండు బరువు, ఖాళీ బరువు రెండూ ఒకే వరసలో, రెండూ తప్పనిసరి. టేబుల్ ఇలా ఉంది కాబట్టి ఏపీఐ రెండూ కలిపి అడిగింది. ఏపీఐ అలా అడిగింది కాబట్టి, మెట్లు రెండైనా, స్క్రీను వాళ్ళు రెండు గళ్ళూ ఒకే పేజీలో పెట్టి, రెండూ నిండితేగాని 'సేవ్' నొక్కనివ్వలేదు. మేమంతా ఆఫీసులో కూర్చుని 24560, 11240 అని కొట్టి, తేడా 13320 రాగానే చప్పట్లు కొట్టుకున్నాం. మూడు పొరలూ ఒకదాంతో ఒకటి చక్కగా ఒప్పుకున్నాయి. ఒప్పుకోనిది బయట నిలబడ్డ ట్యాంకరే. నిండు బరువుకీ ఖాళీ బరువుకీ మధ్య క్వాలిటీ పరీక్ష ఉంది, సరుకు దింపడం ఉంది. అంటే ఒక్కోసారి నాలుగు గంటలు, ఒక్కోసారి ఒక రాత్రి. ఈ మధ్యకాలంలో ఆ బండి మా సాఫ్టువేరులో ఎక్కడుండాలి? ఎక్కడా లేదు.

సరే, ఖాళీ బరువులో సున్నా కొట్టండి, తరవాత దిద్దుదాం అన్నాను. (అవును, అన్నాను. సిగ్గుగానే ఉంది.) అప్పుడు రెండోది బయటపడింది. కాటా దగ్గరి బరువు చూపించే డబ్బా సీరియల్ కేబుల్ మీద సెకనుకి చాలాసార్లు ఒక వరస పంపిస్తుంది. ఆఫీసులో మా ఏపీఐకి అసలు డబ్బా లేదు కాబట్టి ఒక బొమ్మ డబ్బా రాసుకున్నాం. అది ఎన్నిసార్లడిగినా 24560 అనే చెప్పేది, హరిశ్చంద్రుడిలా. నిజం డబ్బా పంపేది ఇలా ఉంటుంది:

```
US,GS,+008140kg
US,GS,+024480kg
US,GS,+024620kg
ST,GS,+024560kg
```

`US` అంటే బరువింకా ఊగుతోందని, `ST` అంటే నిలకడకొచ్చిందని. మా కోడు వచ్చిన మొదటి వరసని పట్టుకుని 8140 కిలోలు రాసేసింది. అప్పటికి ట్యాంకరు ముందు చక్రాలే కాటా ఎక్కాయి మరి. పోనీ `ST` వచ్చేదాకా ఆగితే సరిపోతుందా అంటే అదీ చాలదు. డ్రైవరు ముందు చక్రాలు మాత్రం ఎక్కించి బ్రేకు వేస్తే దానికీ `ST` వస్తుంది. బండి మొత్తం కాటా మీద ఉందని ఎవరో ఒకరు కంటితో చూసి చెప్పాలి, లేదా రెండు చివర్లా సెన్సార్లుండాలి. ఇది గేటు దగ్గర నిలబడ్డ ప్రతి మనిషికీ తెలుసు. మా పదిహేను కార్డుల్లో ఒక్కదానికీ తెలీదు.

రెండు గంటల్లో ఫ్యాక్టరీ ముందు సర్వీసు రోడ్డు దాకా పదకొండు బండ్లు ఆగిపోయాయి. స్టోర్స్ పెద్దాయనొచ్చి, మమ్మల్ని ఏమీ అనకుండా, పాత రిజిస్టరు తెరిచాడు. అందులో మిగిలినవి కొద్ది పేజీలే. అచ్చు ఆపేశారు కదా.

ఆ పదహారో కార్డు ఒక వారం కాదు, ఏడు వారాలు పట్టింది. ఆ ఏడు వారాలూ బోర్డు ఏం చెప్పిందో తెలుసా? తొంభై నాలుగు శాతం. రోజూ అదే. పోనీ తప్పు తేలిన కార్డులు వెనక్కి వచ్చాయా అంటే, రాలేదు. నా టేబుల్ మార్చి రాయాల్సి వచ్చింది, దాని మీది ఏపీఐ, దాని మీది స్క్రీను కూడా. కానీ అవన్నీ 'బగ్' అనే పేరుతో కొత్త కార్డులుగా పుట్టాయి. ముప్ఫైనాలుగు బగ్గులు. పాత పదిహేనూ 'డన్' గడిలోనే ముత్తయిదువుల్లా కూర్చున్నాయి. తొంభై నాలుగు శాతానికీ ముప్ఫైనాలుగు బగ్గులకీ సంబంధమేంటో ఫ్యాక్టరీ వాళ్ళకి ఎవరూ చెప్పలేకపోయారు, ఎందుకంటే ఎవరికీ తెలీదు.

ఇప్పుడు అసలు చెప్పాలనుకున్న విషయం. ఆ పదహారో కార్డు ఒక కుర్రాడి పేరు మీద ఉండేది. ఆరునెలల కాంట్రాక్టు మీద వచ్చాడు. ఏడు వారాల పాటు రోజూ పొద్దున స్టాండప్‌లో అతనికి వినబడింది ఒకటే మాట: "అందరివీ అయిపోయాయి, నీ ఒక్కడి కార్డే మిగిలింది." మేం పదిహేను కార్డుల్లో దాచుకున్న అప్పంతా అతని ఒక్క కార్డులోకి వచ్చి పడింది. నా టేబుల్‌ని దిద్దింది అతను. బొమ్మ డబ్బాని తీసేసి నిజం డబ్బాతో మాట్లాడించింది అతను. ఆ మొత్తం టీములో గేటు గురించి ఏదైనా తెలిసినవాడు అతనొక్కడే. కాంట్రాక్టు పొడిగించలేదు. కారణం: డెలివరీ ఆలస్యం. ఆ మీటింగులో నేనూ ఉన్నాను. నా మూడు కార్డులు టైముకి అయ్యాయి, నాకు మంచి రేటింగు వచ్చింది. నేను నోరెత్తలేదు.

అందుకే 'పనిని పొరలుగా కోసుకోవాలా, నిలువుగా కోసుకోవాలా' అనేది ఏదో ప్రాసెస్ పిచ్చోళ్ళ చర్చ అని ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఎలా కోశామన్నదాన్ని బట్టే ఎవరు పనిచేసినట్టు, ఎవరు చెడగొట్టినట్టు కనబడతారో తేలుతుంది.

ఇంతకీ పొరల బోర్డు ఎందుకు అబద్ధమాడుతుంది? ఎవరూ కావాలని ఆడించలేదు. మా వాళ్ళందరూ నిజాయితీపరులే. నాకు అర్థమైనంతలో రెండు కారణాలు.

మొదటిది, పొర కార్డు అయిందో లేదో చెప్పగలిగేవాడు దాన్ని చేసినవాడొక్కడే. 'వెయింగ్ టేబుల్ అయింది' అన్నాను. కాలేదు అని ఎవరు అనగలరు? సెక్యూరిటీ పెద్దాయనకి టేబుల్ చూపిస్తే ఏమంటాడు? ఆయన కనిపెట్టగలిగిన తప్పుని ఆయన కంటపడని చోట పెట్టి, పూర్తయిందని ప్రకటించుకున్నాం. స్క్రీను తెరిచి, బండి ఎదురుగా ఉన్నప్పుడు, ఆయనకి పది సెకన్లు పట్టింది.

రెండోది, అతుకులకి కార్డుల్లేవు. ఐదు మెట్లు, మూడు పొరలు అంటే పదిహేను గళ్ళ పట్టీ. ఆ గళ్ళ మధ్య గీతలెన్ని? పక్కపక్క మెట్ల మధ్య ఒక్కో పొరలో నాలుగు చొప్పున పన్నెండు, పొరకీ పొరకీ మధ్య ఒక్కో మెట్టులో రెండు చొప్పున పది. మొత్తం ఇరవై రెండు అతుకులు. గళ్ళు పదిహేనే, అతుకులు ఇరవై రెండు. కష్టం ఎప్పుడూ అతుకుల్లోనే ఉంటుంది, అవతలివాడు ఏమనుకున్నాడో తెలిసేది అక్కడే కాబట్టి. ఆ ఇరవై రెండింటినీ కలిపి మేం 'ఇంటిగ్రేషన్' అని ఒక్క కార్డు రాసి, మిగతా వాటిలాగే పదహారో వంతు విలువ కట్టాం. అంటే తొంభై నాలుగు అన్న అంకె లెక్కలో తప్పు కాదు. దేన్ని లెక్కపెట్టామో అదే తప్పు.

మూడు నెలల తరవాత అదే ఫ్యాక్టరీలో సరుకు బయటికెళ్ళే వైపు పని వచ్చింది. ఈసారి నేను మొండికేశాను. కార్డంటే ఒక రకం బండి. ఆ బండి గేటులో దూరిన దగ్గర్నుంచి గేటు పాస్‌తో బయటికెళ్ళేదాకా మొత్తం. టేబుల్, ఏపీఐ, స్క్రీను, ప్రింటు, అన్నీ ఆ ఒక్క రకం బండికి ఎంత కావాలో అంతే. పన్నెండు కార్డులయ్యాయి.

మొదటి కార్డు: ఒకే కస్టమరు, ఒకే బ్యాచ్, డ్రమ్ముల లారీ. బరువు చేత్తో కొట్టాలి, కాటాతో కనెక్షను లేదు. ఆ సరుకుని క్వాలిటీ వాళ్ళు ముందే వదిలేశారనుకుంటాం. ఎనిమిది పనిరోజులు పట్టింది. తొమ్మిదో రోజున సెక్యూరిటీ పెద్దాయన రిజిస్టరులోనూ రాసి, మాదాంట్లోనూ కొట్టాడు. రెండో వారం చివర బోర్డు చెప్పింది: పన్నెండింటికి ఒకటి. ఎనిమిది శాతం. మేనేజరు నన్ను గదిలోకి పిలిచి, "పోయినసారి ఈపాటికి మనం ముప్ఫై దాటాం గదయ్యా" అన్నాడు.

నిజమే, దాటాం. కానీ ఆ ఎనిమిది శాతంలో ఏముందో చూడండి. గేటు దగ్గర బయటికెళ్ళే బండిలో వాళ్ళు చూసేది బరువు కాదని తెలిసింది. డ్రమ్ములు లెక్కపెడతారు, సీలు నంబరు చూస్తారు. మా గేటు పాస్ మీద ఆ రెండూ లేవు. ఇంకోటి, ఖాళీ లారీ సాయంత్రం కాటా ఎక్కుతుంది, లోడింగయ్యేసరికి తెల్లారుతుంది, నిండు బరువు తీసేది వేరే షిఫ్టు మనిషి. అంటే ఒకడు మొదలుపెట్టిన ఎంట్రీని ఇంకొకడు ముగించాలి. ఇవి రెండూ రెండో వారంలో తెలిశాయి. పొరలుగా కోసుంటే ఎప్పుడు తెలిసేవో మీకు చెప్పక్కర్లేదు.

ఆరో వారానికి ఐదు కార్డులయ్యాయి, నలభై రెండు శాతం. అప్పుడే స్టోర్స్ వాళ్ళు చెప్పారు: కస్టమరు వెనక్కి పంపిన డ్రమ్ములు మళ్ళీ బయటికెళ్ళే బండ్లుంటాయి, రెండు కస్టమర్ల సరుకు ఒకే లారీలో వెళ్ళే బండ్లుంటాయి. రెండు కొత్త కార్డులు. పద్నాలుగుకి ఐదు, ముప్ఫైయ్యారు శాతం. బోర్డు వెనక్కి నడిచింది! మేనేజరు మొహం చూడాలి. నేననేదేంటంటే, బోర్డు చేయగలిగిన మంచి పనుల్లో అది ఒకటి. ఆ రెండు రకాల బండ్లు మేం తెలుసుకోకముందు కూడా ఉన్నాయి. మాకు తెలియని పని ఉందని ఆ రోజు తెలిసింది, అంకె తగ్గింది. ఎన్నడూ తగ్గని అంకెకి కొత్తగా ఏదీ తెలియడం లేదన్నమాట.

ఇక్కడ ఒక నిజం ఒప్పుకోవాలి. మొత్తం పని పన్నెండు వారాల్లో అయింది. మొదటిసారి ఆరూ ఏడూ పదమూడు. వారం తేడా. పని కూడా వేరు కాబట్టి ఆ వారాన్ని నేను లెక్కలోకి తీసుకోను. నిలువు ముక్కలతో పని రెండింతల వేగంతో అవుతుందని చెప్పేవాళ్ళని నమ్మకండి. వేగం మారలేదు. ఏ వారంలో ఏం తెలిసిందన్నది మారింది. తొమ్మిదో వారంలో ఆడిట్ వస్తోందని ఫ్యాక్టరీ వాళ్ళు మమ్మల్ని పదిరోజులు ఆగమన్నారు. అప్పటికి ఎనిమిది రకాల బండ్లు మా సాఫ్టువేరు మీదే వెళ్తున్నాయి, మిగతా ఆరు రకాలూ రిజిస్టరు మీద. ఎవరికీ ఇబ్బంది రాలేదు. మొదటి ప్రాజెక్టుని తొమ్మిదో వారంలో ఆపుంటే? పదిహేను 'డన్'లు, సున్నా బండ్లు.

దీనికి మనూళ్ళోనే అందరికీ కనిపించే ఉదాహరణ మెట్రో. రోడ్ల మధ్య స్తంభాలు లేచి ఏళ్ళు గడిచినా 'ఎంత అయింది' అంటే ఎవరికీ నమ్మకముండేది కాదు. 2017 నవంబరులో మియాపూర్ నుంచి అమీర్‌పేట మీదుగా నాగోల్ దాకా 30 కిలోమీటర్లు ఒక్కసారిగా తెరిచారు. స్తంభం, పట్టా, కరెంటు, సిగ్నలు, టికెట్టు, ఎస్కలేటరు, అన్నీ ఆ ముప్ఫైకి. 2018 సెప్టెంబరులో ఎల్బీనగర్ వైపు, 2019 మార్చిలో హైటెక్ సిటీ వైపు, 2020 ఫిబ్రవరిలో జేబీఎస్ నుంచి ఎంజీబీఎస్. ఏ రోజు అడిగినా ఎంత అయిందంటే ఎక్కడినుంచి ఎక్కడికి ఎక్కి దిగొచ్చో చెప్తే చాలు. మా పటాన్‌చెరు వాళ్ళు మియాపూర్‌లో దిగి మళ్ళీ బస్సెక్కాల్సిందే, అది కూడా అంతే స్పష్టం. ఈ ఉదాహరణలోనే ఒక హెచ్చరిక కూడా ఉంది. మొదటి 30 కిలోమీటర్లకే డిపో కావాలి, ఉప్పల్లో కంట్రోల్ సెంటరు కావాలి. మొదటి ముక్క ఎప్పుడూ బరువుగానే ఉంటుంది, వెన్నెముక దాంట్లోనే ఉంటుంది కాబట్టి. ఒక బండికి ఎనిమిది రోజులా అని మేనేజరు అడిగితే ఇదీ జవాబు.

ఇక అభ్యంతరాలకొద్దాం. "ఇది ఫార్మా, ఇక్కడ వాలిడేషన్ ఉంటుంది, యూఆర్ఎస్ రాయాలి, దాని మీద డిజైన్ పత్రం, దాని మీద టెస్టులు, వరసలో వెళ్ళాల్సిందే" అంటారు. పత్రాల్లో వరస ఉండాలి, నిజమే. ప్రతి అవసరానికీ దాని పరీక్ష జత కుదరాలి. కానీ ఐదు మెట్ల టేబుళ్ళూ అయ్యేదాకా ఒక్క మెట్టు స్క్రీను కూడా ముట్టుకోవద్దని ఎవరూ అనలేదు. 2022లో వచ్చిన గ్యాంప్ 5 రెండో కూర్పులో అజైల్ పద్ధతికి ఒక అనుబంధమే ఉంది. వాళ్ళు అడిగేది జత కుదిరిందా అని, ఏ వరసలో కోడు కొట్టావని కాదు.

అయితే ముక్కలుగా కోయకూడనివి ఉన్నాయి, వాటిని ఒప్పుకోకపోతే నేనూ అబద్ధమాడినట్టే. ఎవరు, ఎప్పుడు, ఏ విలువని దేనికి మార్చారన్న ఆడిట్ ట్రెయిల్ అలాంటిది. అమెరికాకి సరుకు పంపే ఫ్యాక్టరీకి 21 సీఎఫ్ఆర్ పార్ట్ 11 కింద అది తప్పదు. దాన్ని పదో కార్డుగా రాసి చివర్లో అతికిద్దామంటే తొమ్మిది ముక్కలూ తిరగరాయాలి. అది మొదటి ముక్కలోనే ఉండాలి. ఆ ఎనిమిది రోజుల్లో మూడు రోజులు దానికే పోయాయి. అలాగే పాత డేటా మొత్తం కొత్తదాంట్లోకి మార్చడం లాంటి పనులు పొరగా చేస్తేనే మేలు, అక్కడ పొరే పని కాబట్టి.

ఇంకో మోసం ఉంది, నిలువు ముక్కల పేరుతో జరిగేది. అన్నీ సజావుగా సాగే బండ్లనే ముందు కార్డులుగా రాసుకుని, రిజెక్టయిన ట్యాంకరునీ, సగం దింపి ఆపేసిన లారీనీ చివరికి తోసేయడం. అప్పుడు పద్నాలుగుకి పది అయినా ఆ పది తేలికవే. బోర్డు మళ్ళీ పాత పాటే పాడుతుంది. మేమూ ఇందులో పడబోయాం. మూడో కార్డుగా 'క్వాలిటీ వాళ్ళు ఆపేసిన బ్యాచ్ లారీలో ఎక్కేసింది, దింపాలి' అన్నదాన్ని పెట్టమని పట్టుబట్టింది స్టోర్స్ పెద్దాయనే. ఆయన రోజూ నలిగేది దాంతోనే మరి.

కార్డు నిలువుదా, నిలువు వేషం వేసుకున్న పొరా అని తెలుసుకోవడానికి నేనిప్పుడు ఒకే ప్రశ్న వేసుకుంటాను: ఇది కాలేదని మా టీము బయటి మనిషి ఎవరైనా చెప్పగలరా? 'సెక్యూరిటీ వారి కోసం బరువుల టేబుల్' అని రాసినంత మాత్రాన అది ముక్క అయిపోదు. పెద్దాయన దాన్ని చూసి తల అడ్డంగా ఊపగలగాలి. ఇంక ఫ్యాక్టరీ వాళ్ళకి శాతాలు చెప్పడం మానేశాను. ముక్కలన్నీ ఒకే సైజులో ఉండవు, శాతం అక్కడా మోసం చేస్తుంది. 'ఈ వారం నుంచి ఫలానా రకం బండి రిజిస్టరు లేకుండా వెళ్తుంది, ఫలానావి ఇంకా వెళ్ళవు' అని చెప్తాను. దాన్నిబట్టి రిజిస్టర్లు ఎన్ని అచ్చు వేయించాలో వాళ్ళే లెక్కేసుకుంటారు.

ఇంత తెలిసీ మనం పొరలే ఎందుకు కోస్తాం? మెల్విన్ కాన్వే 1968లోనే చెప్పాడు, ఒక సంస్థలో మనుషులు ఒకరితో ఒకరు ఎలా మాట్లాడుకుంటారో వాళ్ళు కట్టేది కూడా అదే ఆకారంలో వస్తుందని. డేటాబేసు వాళ్ళకొక లీడు, స్క్రీన్ల వాళ్ళకొక లీడు ఉన్నంతకాలం కార్డులు పొరలుగానే పుడతాయి. అది పైవాళ్ళ తప్పు, తిట్టేశాను. మిగతా సగం మనది. పొర కార్డు మనకి హాయి. అవతలివాడి పని చూడక్కర్లేదు, గేటు దగ్గరికెళ్ళి మాట పడక్కర్లేదు, నా వంతు అయిపోయిందని శుక్రవారం సాయంత్రం ఇంటికెళ్ళొచ్చు. అప్రైజల్లో 'నా కార్డులన్నీ టైముకి' అని రాసుకోవచ్చు. నిలువు ముక్క తీసుకుంటే అది పనిచెయ్యకపోతే అందరం పనిచెయ్యనట్టే. దాక్కోవడానికి చోటుండదు. నాకు పొరలు నచ్చింది అందుకే. మీకూ అందుకేనేమో, ఒకసారి గుండె మీద చెయ్యి వేసుకుని చూడండి.

పోయినవారం ఇంకో టీములో ప్లానింగుకి పిలిస్తే వెళ్ళాను. బోర్డు మీద ఇరవై నాలుగు పొర కార్డులు, చివర్న 'ఇంటిగ్రేషన్' అని ఒకటి. దాని పక్కన అప్పుడే కాలేజీ నుంచి వచ్చిన ఒకమ్మాయి పేరు. నేను లేచి ఆ పేరు తుడిపేసి నా పేరు రాశాను. ఆ తరవాత ఆ కార్డు ఎందుకుండకూడదో చెప్పడం మొదలుపెట్టాను. వింటారో లేదో తెలీదు. ఈసారి నోరైతే ఎత్తాను.

తా.క.: ఆ కుర్రాడికి ఫోన్ చేశాను. వేరే చోట చేరాడట, బాగానే ఉన్నాడు. "అన్నా, ఆ కాటా ఇంకా పనిచేస్తోందా?" అని అడిగాడు. పనిచేస్తోంది తమ్ముడూ, రోజూ. నువ్వు రాసిందే.